జుట్టు మార్పిడికి ముందు డోనర్ ఏరియా లెక్క చూసుకోండి

జుట్టు మార్పిడిలో కొత్త వెంట్రుకలేవీ పుట్టవు. తల వెనుక, చెవుల పైన రాలకుండా నిలిచే పట్టీని డోనర్ ఏరియా అంటారు; అందులోని కుదుళ్లను తీసి ముందు నాటుతారు. తీసిన చోట అవి మళ్లీ మొలవవు కాబట్టి, ఆ పట్టీలో ఎన్ని గ్రాఫ్టులు, అంటే విడివిడిగా తీసి నాటే కుదుళ్లు, ఉన్నాయో తేలకుండా తేదీ ఖాయం చేసుకోకూడదు.

ఉదాహరణకు 26 ఏళ్ల యువకుడికి నుదురు రెండు వైపులా వెనక్కి జరిగిందనీ, తండ్రికి పూర్తి బట్టతల ఉందనీ అనుకుందాం. అతని డోనర్ ఏరియా 160 చదరపు సెంటీమీటర్లు, ఒక్కో చదరపు సెంటీమీటరుకు 75 గ్రాఫ్టులు ఉంటే మొత్తం 12,000. వెనుక పలచబడినట్టు కనిపించకుండా అందులో సుమారు 40 శాతం, అంటే 4,800 మాత్రమే జీవితకాలంలో తీయగలం. కుర్రతనంలో ఉన్నట్టే ముందు గీత కిందికి కావాలని పట్టుబట్టి, 60 చదరపు సెంటీమీటర్లలో 45 చొప్పున నాటిస్తే 2,700 అక్కడే ఖర్చవుతాయి. తర్వాత నడినెత్తి, సుడి కలిపి 140 చదరపు సెంటీమీటర్లు ఖాళీ అయితే, మిగిలిన 2,100 గ్రాఫ్టులు అక్కడ 15 చొప్పునే వస్తాయి; వెలుతురులో చర్మం కనబడుతుంది. అదే గీతను కాస్త పైన గీసి 45 చదరపు సెంటీమీటర్లకు 40 చొప్పున 1,800 వాడితే, నడినెత్తికి, సుడికి 3,000 మిగులుతాయి. నా దృష్టిలో ఈ వయసులో రెండోదే సరైనది. సహజ సాంద్రతలో సగం వచ్చినా, వెంట్రుక లావుగా ఉంటే ఒత్తుగానే కనిపిస్తుంది.

పద్ధతి ఎంపిక కూడా ఈ లెక్కతో ముడిపడినదే. స్ట్రిప్ పద్ధతిలో పట్టీ నడుమ నుంచి, అంటే అత్యంత నమ్మకమైన కుదుళ్లున్న చోటి నుంచి సన్నని చర్మపు ముక్కను కోసి తీస్తారు. చుట్టూ ఉన్న సాంద్రత చెడదు గానీ, అడ్డంగా ఒక గీత మచ్చ మిగులుతుంది, జుట్టు బాగా పొట్టిగా కత్తిరిస్తే అది బయటపడుతుంది. ఎఫ్‌యూఈలో సుమారు ఒక మిల్లీమీటరు పంచ్‌తో ఒక్కొక్క కుదురునే తీస్తారు. గీత ఉండదు, కానీ తీసిన ప్రతి చోటా చిన్న చుక్క మచ్చ పడుతుంది, తీసిన మేరకు వెనుక పలచబడుతుంది. సంఖ్య పెంచడానికి పట్టీ హద్దు దాటి మెడ దగ్గరో, పైఅంచునో తీస్తే, ఆ వెంట్రుకలు నాటిన చోట కూడా తర్వాత రాలిపోవచ్చు.

సంప్రదింపులో వైద్యుడు తల వెనుక భాగాన్ని భూతద్దంతో చూసి, అక్కడి వెంట్రుకల్లోనే సన్నబడినవి ఎన్నో చెప్పాలి. అవి ఎక్కువగా ఉంటే శస్త్రచికిత్సకు ఒప్పుకోకూడదు. "ఎన్ని గ్రాఫ్టులైనా తీస్తాం" అన్న చోటి నుంచి లేచి వచ్చేయండి. రాలడం ఇంకా సాగుతుంటే ముందుగా వైద్యుని పర్యవేక్షణలో మందులతో దాన్ని నిలకడకు తెచ్చుకోవడం మేలు. లేకపోతే నాటిన గీత వెనుక ఖాళీ ఏర్పడుతుంది.

నాటిన వెంట్రుకలు మొదటి కొన్ని వారాల్లో రాలిపోవడం మామూలే. మూడు నాలుగు నెలలకు మొలక మొదలై, పూర్తి ఫలితం ఏడాదికి గానీ తెలియదు. కాబట్టి ఆలోపు రెండో విడతకు డబ్బు కట్టకండి.