ఫిల్టర్ చేశాక కనిపించే వరుసలను మాత్రమే కూడాలంటే ఎలా? SUM బదులు SUBTOTAL

తెనాలి దగ్గర ఒక ఎరువుల దుకాణం ఉందనుకుందాం. చుట్టుపక్కల రైతులకు సరుకు అరువు మీద ఇస్తారు, ఆ ఖాతా ఎక్సెల్‌లో రాసుకుంటారు. వసూలుకు బయల్దేరే ముందు దుగ్గిరాల బాకీ ఎంతుందో చూడాలి. ఊరు కాలమ్‌కు ఫిల్టర్ పెట్టి దుగ్గిరాల ఎంచుకుంటే ఆ ఊరి వరుసలే మిగులుతాయి. కానీ మొత్తం గడిలో అంకె మాత్రం మారదు, అన్ని ఊళ్ల బాకీనే చూపిస్తుంది. దాన్నే చీటీ మీద రాసుకుని వెళ్తే అవతలి వాళ్లతో గొడవ తప్పదు.

ఇది ఎక్సెల్ తప్పు కాదు. ఫిల్టర్ వరుసలను తీసేయదు, కనపడకుండా దాస్తుంది, అంతే. SUM తనకిచ్చిన గడుల్లోని విలువలను కూడుతుంది. ఆ వరుస తెర మీద ఉందా, దాగి ఉందా అనేది అది పట్టించుకోదు. దాన్ని పట్టించుకునే ఫంక్షన్ SUBTOTAL.

షీట్ ఎలా ఉండాలి

చిన్న ఖాతాతో మొదలుపెడదాం. 4వ వరుసలో శీర్షికలు, 5 నుంచి 12 వరకు వివరాలు ఉన్నాయి.

| వరుస | A తేదీ | B ఊరు | C సరుకు | D బాకీ |
|---|---|---|---|---|
| 5 | 3 జూలై | దుగ్గిరాల | యూరియా | 2,665 |
| 6 | 3 జూలై | కొల్లిపర | డీఏపీ | 5,400 |
| 7 | 5 జూలై | దుగ్గిరాల | డీఏపీ | 8,100 |
| 8 | 6 జూలై | తెనాలి | పురుగుమందు | 3,200 |
| 9 | 8 జూలై | కొల్లిపర | యూరియా | 1,599 |
| 10 | 9 జూలై | దుగ్గిరాల | పురుగుమందు | 4,500 |
| 11 | 9 జూలై | తెనాలి | యూరియా | 2,132 |
| 12 | 12 జూలై | కొల్లిపర | విత్తనాలు | 6,000 |

మొత్తం ఎక్కడ పెట్టాలన్నది ముందే తేల్చుకోండి. చాలామంది అలవాటుగా జాబితా అడుగున, 13వ వరుసలో పెడతారు. నేనైతే పైనే పెట్టమంటాను. అడుగున వివరాలకు ఆనుకుని ఉంటే ఆ మొత్తం వరుసను కూడా ఫిల్టర్ జాబితాలో భాగమనుకుని దాచేసే ప్రమాదం ఉంది. కొత్త ఎంట్రీ రాయాలన్నా ప్రతిసారీ మధ్యలో వరుస చొప్పించాలి. పైన D2లో పెట్టి, 3వ వరుసను ఖాళీగా వదిలేస్తే ఈ రెండు చిక్కులూ ఉండవు. ఆ ఖాళీ వరుస ఉండాల్సిందే. ఫిల్టర్ ఎక్కడ మొదలవ్వాలో ఎక్సెల్‌కు తెలిసేది దానివల్లే.

ఫార్ములా రాయడం

ముందు కీబోర్డును ఇంగ్లిష్‌కు మార్చుకోండి. D2 గడిలో క్లిక్ చేసి ఇలా టైప్ చేసి ఎంటర్ కొట్టండి.

```
=SUBTOTAL(109,D5:D12)
```

SUBTOTAL ఒక్క కూడికకే పరిమితం కాదు. సగటు, లెక్కింపు, గరిష్ఠం, కనిష్ఠం కూడా చేస్తుంది. ఏ పని కావాలో బ్రాకెట్లో మొదటి అంకెతో చెప్పాలి. 109 అంటే కూడిక. `=SUBTOTAL(` అని టైప్ చేయగానే ఎక్సెల్ ఆ అంకెల జాబితాను తానే చూపిస్తుంది కాబట్టి బట్టీ పట్టక్కర్లేదు. కామా తర్వాత కూడాల్సిన గడులు రాయాలి.

ఇప్పుడు D2లో 33,596 కనిపిస్తుంది. ఇంకా ఫిల్టర్ లేదు కాబట్టి అది మొత్తం ఖాతా. జాబితాలో ఏదో ఒక గడి మీద క్లిక్ చేసి `Data` ట్యాబ్‌లో `Filter` నొక్కండి. `Ctrl+Shift+L` కొట్టినా అదే పని జరుగుతుంది. శీర్షికల పక్కన చిన్న బాణాలు వస్తాయి. ఊరు పక్కన ఉన్న బాణం నొక్కి, `Select All` దగ్గర టిక్కు తీసేసి, దుగ్గిరాలకు మాత్రం టిక్కు పెట్టి `OK` కొట్టండి.

D2 వెంటనే 15,265కు మారుతుంది. 2,665, 8,100, 4,500 కలిపి చూసుకోండి, సరిపోతుంది. కొల్లిపరకు మారిస్తే 12,999, తెనాలికి మారిస్తే 5,332. ఈ మూడు అంకెలూ కూడితే మళ్లీ 33,596 రావాలి. ఫార్ములా కొత్తగా పెట్టినప్పుడు ఈ సరిచూపు ఒక్కసారి చేసుకుంటే గడుల పరిధి సరిగ్గా ఇచ్చామో లేదో తేలిపోతుంది.

కొత్త ఎంట్రీలు వస్తూ ఉంటాయి కాబట్టి `D5:D12` బదులు `D5:D1000` అని ఇవ్వండి. ఖాళీ గడుల వల్ల కూడికకు నష్టం లేదు. మొత్తం పైన పెట్టుకున్నందుకు దక్కే సౌకర్యం ఇది.

9 రాయాలా, 109 రాయాలా

కూడికకు జాబితాలో రెండు అంకెలు కనిపిస్తాయి, 9, 109. ఫిల్టర్ దాచిన వరుసలను రెండూ వదిలేస్తాయి. అందుకే మామూలుగా తేడా తెలియదు. మౌస్‌తో రైట్ క్లిక్ చేసి `Hide` నొక్కి చేత్తో దాచిన వరుసల దగ్గరే తేడా బయటపడుతుంది.

ఫిల్టర్ పూర్తిగా తీసేసి 7వ వరుసను చేత్తో దాచి చూడండి. 9 పెట్టిన గడి 33,596 దగ్గరే ఉంటుంది, అంటే దాచిన 8,100 కూడా లెక్కలో ఉంది. 109 పెట్టిన గడి 25,496 చూపిస్తుంది. అది కళ్లకు కనిపించేదాన్నే కూడుతుంది.

ప్రింట్ తీసి ఎవరికైనా ఇచ్చే కాగితమైతే నేను 109 వాడతాను. కాగితం మీది అంకెలను అవతలివాళ్లు చేత్తో కూడి చూస్తే మొత్తం సరిపోవాలి కదా. అయితే తెర మీద చోటు కోసం `Group` పెట్టి వరుసలను మడిచిపెట్టే అలవాటు మీకుంటే 109 వద్దు. మడిచిన వరుసలను కూడా చేత్తో దాచినట్టే లెక్కగడుతుంది కాబట్టి గుంపు మూసినప్పుడల్లా మొత్తం తగ్గిపోతుంది. అక్కడ 9 మంచిది.

ఎవరో పంపిన షీట్‌లో వరుసలు ఎలా దాగాయో తెలియకపోతే ఎడమ పక్కన వరుస నంబర్లు చూడండి. ఫిల్టర్ పనిచేస్తుంటే నంబర్లు నీలం రంగులోకి మారతాయి, శీర్షిక బాణం మీద గరాటు గుర్తు వస్తుంది. నీలం లేకుండా 6 తర్వాత నేరుగా 8 ఉంటే ఎవరో చేత్తో దాచారన్నమాట.

ఫిల్టర్ పెట్టి ఉన్నప్పుడు జాబితా కింది గడిలో `AutoSum` నొక్కితే ఎక్సెల్ తానే SUM బదులు SUBTOTAL వేస్తుంది, అందులో అంకె 9 ఉంటుంది. `Ctrl+T` కొట్టి జాబితాను టేబుల్‌గా మార్చి `Total Row` పెడితే 109 వేస్తుంది. గూగుల్ షీట్స్‌లోనూ ఈ రెండు అంకెలకు ఇదే అర్థం.

అంకె తప్పు వస్తే ఎక్కడ వెతకాలి

ఎక్కువగా ఇబ్బంది పెట్టేది అంకెలా కనిపించే అక్షరాలు. బిల్లు చూసి 8,100/- అని టైప్ చేసినా, వాట్సాప్ నుంచి కాపీ చేసి పెట్టినా ఎక్సెల్‌కు అది అంకె కాదు, మామూలు రాత. SUBTOTAL దాన్ని ఏ హెచ్చరికా లేకుండా వదిలేస్తుంది. 15,265 రావాల్సిన దుగ్గిరాల బాకీ 7,165 అవుతుంది. జాబితా చిన్నదైతే కంటితో పట్టుకోవచ్చు. వందల వరుసలుంటే పక్కన రెండు గడుల్లో ఇవి పెట్టండి.

```
=SUBTOTAL(102,D5:D1000)
=SUBTOTAL(103,D5:D1000)
```

మొదటిది కనిపించే వరుసల్లో అంకెలున్న గడులను లెక్కిస్తుంది. రెండోది ఖాళీగా లేని గడులన్నిటినీ లెక్కిస్తుంది. రెండూ సమానంగా ఉండాలి. మొదటిది 2, రెండోది 3 చూపిస్తే ఒక గడిలో అంకె బదులు రాత ఉందని అర్థం. ఫిల్టర్ తీసేసి D కాలమ్ ఎంచుకుని, `Ctrl+H` కొట్టి `/-` ను ఖాళీతో మార్చేయండి. అప్పటికీ మారకపోతే ఆ గడి ఫార్మాట్ `Text` అని ఉండి ఉంటుంది. దాన్ని `General` చేసి, గడిలోకి వెళ్లి మళ్లీ ఎంటర్ కొట్టాలి.

రెండో చిక్కు పట్టుకోవడం ఇంకాస్త కష్టం. SUBTOTAL కూడేది తెర మీద కనిపించే వరుసలను, ఊరు పేరు దుగ్గిరాల అయిన వరుసలను కాదు. ఫిల్టర్ ఉండగానే 10వ వరుసలో ఊరు తప్పుపడిందని తెనాలిగా దిద్దారనుకోండి. ఆ వరుస వెంటనే మాయమవదు, అక్కడే ఉంటుంది. దాని 4,500 కూడా దుగ్గిరాల మొత్తంలోనే ఉండిపోతుంది. దిద్దుబాట్లు అయ్యాక `Data` ట్యాబ్‌లో `Reapply` నొక్కితే ఎక్సెల్ మళ్లీ వడపోసి మొత్తాన్ని 10,765కు సరిచేస్తుంది. ఫిల్టర్ పెట్టి ఉన్న షీట్‌లో దిద్దే అలవాటున్నవాళ్లు ప్రింట్‌కు ముందు `Reapply` తప్పకుండా నొక్కాలి.

కనిపించే వరుసల్లో ఏదైనా గడిలో `#N/A` లాంటి ఎర్రర్ ఉంటే మొత్తం గడిలోనూ అదే వస్తుంది. అసలు గడిని సరిచేయడమే మేలు. అప్పటికి కుదరకపోతే ఎక్సెల్ 2010 నుంచి ఉన్న ఈ ఫంక్షన్ వాడండి. ఇందులో 9 అంటే కూడిక, 7 అంటే దాగిన వరుసలనూ ఎర్రర్లనూ వదిలేయమని.

```
=AGGREGATE(9,7,D5:D1000)
```

SUBTOTAL చేయలేని పని

మూడు ఊళ్ల బాకీలూ ఒకేసారి పక్కపక్కన కావాలంటే SUBTOTAL పనికిరాదు. ఫిల్టర్ ఏది చూపిస్తే దానికే అది మొత్తం చెబుతుంది. అప్పుడు ఫిల్టర్‌తో పనిలేని SUMIFS రాసుకోవాలి.

```
=SUMIFS(D5:D1000,B5:B1000,"దుగ్గిరాల")
```

ఇది ఫిల్టర్ ఏ ఊరి మీద ఉన్నా 15,265నే చూపిస్తుంది. ఈ మొత్తాలను జాబితా పక్కన కాకుండా వేరే షీట్‌లో పెట్టుకోండి. పక్కనే పెడితే ఫిల్టర్ ఆ వరుసలతో పాటు వాటినీ దాచేస్తుంది.