"వీలైనంత త్వరగా" మెసేజ్‌ను గడువుగా మార్చిన పద్ధతి (నా అనుభవం)

రాయగడలో మాది హోల్‌సేల్ సరుకుల ఆఫీసు, పార్వతీపురం వైపు లోడ్లు వెళ్తుంటాయి. గ్రూపులో "ఈ-వే బిల్లు వీలైనంత త్వరగా చేయండి" అని పెడితే అందరూ బొటనవేలు చూపిస్తారు, బిల్లు మాత్రం లారీ బయల్దేరాల్సిన టైముకీ ఉండదు. మళ్లీ మళ్లీ గుర్తుచేయడం, "అర్జెంట్" అని రాయడం, అందరినీ ట్యాగ్ చేయడం, ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. పంపేముందు, ఇది ఆగితే తర్వాత ఏది ఆగుతుందో చూస్తాను. ఇక్కడ లారీ, 5 గంటలకు బయల్దేరాలి. సరుకు విలువ 50,000 దాటితే బిల్లు లేకుండా కదపకూడదు, అందులో బండి నంబరు కూడా ఎక్కాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్కేస్తే, తప్పులు దిద్దుకోవడానికి గంట వదిలి, బిల్లు 4కి రావాలి, నంబరు 3కే రావాలి. అప్పుడు ఒక్కో పనికి ఒక్కరి పేరే:

"గౌరి గారూ, మంగళవారం 3 లోపు బండి నంబరు గ్రూపులో పెట్టండి. శ్రీను, 4 లోపు బిల్లు చేసి పీడీఎఫ్ ఇక్కడే పెట్టు. కుదరకపోతే 12 లోపు చెప్పండి."

ఆ చివరి వాక్యమే అసలు కీలకం, బొటనవేలు ఇక్కడ జవాబు కాదు, కుదిరితే "సరే, 4" అని రాయాలి.

మాది చిన్న టీమ్, అందుకే నడిచిందేమో. ఎంతసేపు పడుతుందో తెలియని పనికి, పాడైన ప్రింటర్ లాంటిదానికి, గడువు పెట్టను, "5కి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పు" అంటాను. ఓనరే "వీలైనంత త్వరగా" అని మెసేజ్ పెడితే మాత్రం "సార్, రేపు 11 అనుకోవచ్చా?" అని మనమే అడగాలి.