పోయిన కార్డు, పడిన బిల్లు – 4వ పాఠం: రోజులు లెక్కపెట్టడం

క్రెడిట్ కార్డు పోయిందని తెలియగానే బ్లాక్ చేయించడం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. బ్లాక్ చేస్తే ఇకమీదట జరిగే కొనుగోళ్లు ఆగుతాయి, అంతే. అప్పటికే జరిగినవి మీవి కావని విడిగా ఫిర్యాదు చేయాలి. ఆ ఫిర్యాదు ఏ రోజున చేరిందన్నదాన్ని బట్టే డబ్బు ఎవరు కట్టాలో తేలుతుంది. ఫిర్యాదు నంబరు, తేదీ, సమయం రాసిపెట్టుకోండి.

మన దగ్గర ఈ లెక్కకు ఆధారం 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు. తప్పు బ్యాంకుదైతే మీరు ఎప్పుడు చెప్పినా మీ మీద భారం ఉండదు. తప్పు మీదైతే, అంటే పిన్‌నో ఓటీపీనో మీరే ఎవరికైనా చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టమంతా మీదే. ఆ తర్వాత జరిగింది బ్యాంకుది. తప్పు ఇద్దరిదీ కాకపోతే అప్పుడు రోజులు చూస్తారు. మూడు పనిదినాల లోపు చెబితే మీరు కట్టాల్సింది సున్నా. నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య చెబితే ఒక్కో కొనుగోలుకు ఒక పరిమితి ఉంటుంది: కార్డు లిమిటు 5 లక్షల దాకా ఉంటే 10,000, అది దాటితే 25,000. కొనుగోలు మొత్తం అంతకన్నా తక్కువైతే ఆ తక్కువే కట్టాలి. ఏడు దాటితే మీ బ్యాంకు బోర్డు పెట్టుకున్న విధానమే దిక్కు.

ఈ రోజులను కార్డు పోయిన నాటి నుంచి లెక్కించరు. ప్రతి కొనుగోలుకూ బ్యాంకు నుంచి మెసేజ్ అందిన రోజును వదిలేసి, మర్నాటి నుంచి విడిగా లెక్కిస్తారు. మీ బ్రాంచికి సెలవైన రోజులు కలపరు. మెసేజ్ మీరు చదివారా లేదా అన్నది కాదు, అందిందా అన్నదే ప్రశ్న.

ఒక లెక్క చేసి చూద్దాం. ఒకాయన కార్డు గురువారం పోయింది, లిమిటు 2 లక్షలు. ఆ సాయంత్రమే ఎవరో పిన్ లేకుండా ట్యాప్ చేసి 4,600కు కొన్నారు. శుక్రవారం మరో 4,900. శని (రెండో శనివారం), ఆదివారాలు సెలవు. సోమవారం ఓటీపీ అడగని విదేశీ సైట్లో 38,000 పోయాయి. విదేశీ వాడకాన్ని ఆయనే ఎప్పుడో ఆన్ చేసి మరిచిపోయాడు. మెసేజీలన్నీ ఏ రోజువి ఆ రోజే వచ్చాయి. ఆయన చూసుకుని ఫిర్యాదు చేసింది బుధవారం ఉదయం.

గురువారం కొనుగోలుకు శుక్ర, సోమ, మంగళ, బుధ కలిపి నాలుగో రోజు. పరిమితి 10,000 అయినా కొన్నది 4,600కే కాబట్టి ఆ మొత్తం ఆయనే కట్టాలి. చిన్న మొత్తాలకు ఈ పరిమితి ఏమీ ఆదుకోదు, గమనించండి. శుక్రవారం దానికి బుధవారం మూడో రోజు, అంటే సున్నా. సోమవారం 38,000కు రెండో రోజే, అదీ సున్నా. మంగళవారమే చెప్పి ఉంటే ఆ 4,600 కూడా మిగిలేవి.

ఇంత సాఫీగా జరుగుతుందా అంటే, ప్రతిసారీ జరగదు. పారేసుకున్న కార్డును ఏ గడిలో పెట్టాలో ఉత్తర్వు విడిగా చెప్పలేదు. కార్డు పోగొట్టుకోవడమే మీ అజాగ్రత్త అని బ్యాంకు అంటే పై లెక్కలో మూడూ కలిపి 47,500 ఆయన మీద పడతాయి. అప్పుడు పట్టుకోవాల్సిన మాట ఒకటుంది: బాధ్యత ఖాతాదారుదని రుజువు చేయాల్సింది బ్యాంకే. అజాగ్రత్తకు ఉత్తర్వు ఇచ్చిన ఉదాహరణ రహస్య వివరాలు ఇతరులకు చెప్పడం. ట్యాప్‌కు ఆ వివరాలే అక్కర్లేదు. ఈ రెండూ ఫిర్యాదులో రాతపూర్వకంగా రాయండి. పిన్ కొట్టి కొన్నదైతే మాత్రం వాదన కష్టం, పిన్ ఎలా తెలిసిందని మొదట మిమ్మల్నే అడుగుతారు.

అమెరికాలో ఈ తంటా తక్కువ. అక్కడి చట్టం క్రెడిట్ కార్డుకు రోజులు లెక్కపెట్టదు. చెప్పేముందు జరిగిన అనధికార వాడకానికి గరిష్ఠంగా 50 డాలర్లు, చెప్పాక సున్నా.

ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా మీ ఖాతాకు జమచేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. ఈలోగా ఆ మొత్తం మీద వడ్డీ భారం మీపై పడకూడదు. బిల్లులో వడ్డీ కనబడితే అదే ఫిర్యాదు నంబరుతో రాయండి.

అభ్యాసం: పై లెక్కలో గురువారం కొనుగోలు 38,000, సోమవారం కొనుగోలు 4,600 అనుకోండి. ఫిర్యాదు బుధవారమే. ఆయన ఎంత కట్టాలి? మధ్యలో మంగళవారం కూడా బ్యాంకు సెలవైతే ఎంత? జవాబులు 5వ పాఠం మొదట్లో ఉంటాయి.