పీజెడ్‌టీ బిళ్లకు పోలింగ్ ఎలా చేయాలి?

పీజెడ్‌టీ అనేది నొక్కితే వోల్టేజి ఇచ్చే పింగాణీ లాంటి పదార్థం, కానీ ఫర్నేస్‌లోంచి తీసిన బిళ్లకు వైర్లు తగిలించి ఎంత గట్టిగా నొక్కినా వోల్టేజి రాదు. అది చూడగానే చాలామంది పొడి కలిపిన పాళ్ల మీదో, కాల్చిన ఉష్ణోగ్రత మీదో అనుమానపడి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. తప్పు సాధారణంగా అక్కడ ఉండదు. పోలింగ్, అంటే విద్యుత్ క్షేత్రంతో బిళ్ల లోపలి దిక్కులను ఒకవైపుకు తిప్పే పని, చేయలేదన్నమాట, లేదంటే చేశామనుకున్నారు. రెండో రకం వాళ్లే ఎక్కువ. వోల్టేజి ఇచ్చాం, నూనె వేడి చేశాం, అయినా బిళ్ల పనిచేయట్లేదు అంటారు. వోల్టేజి మీటను ఎప్పుడు కట్టేశారని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

పద్ధతిలోకి వెళ్లేముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. పీజెడ్‌టీ అంటే సీసం, జిర్కోనియం, టైటానియం కలిసిన ఆక్సైడ్. ఇందులో మెత్తని రకంగా పేరున్న 5ఎ తీసుకుందాం. దీని క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 350 డిగ్రీల సెల్సియస్. అంతకు పైన స్ఫటికం చక్కని ఘనాకారంలో ఉంటుంది, ధన, రుణ ఆవేశాల కేంద్రాలు ఒకేచోట ఉంటాయి. చల్లారుతూ ఆ గీత దాటగానే స్ఫటికం ఒక వైపుకు కాస్త సాగుతుంది, లోపలి అయాన్లు పక్కకు జరుగుతాయి. అవి జరిగిన దిక్కే ధ్రువణం. అయితే ఒక్కో రేణువు మొత్తం ఒకే దిక్కుకు తిరగదు. అలా తిరిగితే చుట్టూ ఉన్న రేణువుల మీద ఒత్తిడి పెరిగిపోతుంది. అందుకే అది చిన్న చిన్న పట్టీలుగా విడిపోతుంది, ఒక్కో పట్టీ ఒక్కో దిక్కుకు చూస్తుంది. వీటినే డొమైన్లు అంటాం. కోట్ల రేణువుల్లో, అంతకంటే ఎక్కువ డొమైన్లలో దిక్కులన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని మొత్తం సున్నా అవుతుంది. కొత్త బిళ్ల నొక్కినా పలకకపోవడానికి కారణం ఇదే.

బయటి నుంచి బలమైన విద్యుత్ క్షేత్రం ఇచ్చి వీలైనన్ని డొమైన్లను ఒక దిక్కుకు తిప్పి, అక్కడే నిలబెట్టడమే పోలింగ్. తిప్పడం కష్టమేమీ కాదు, నిలబెట్టడమే కష్టం.

ముందు కావాల్సినవి

10 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు మందం ఉన్న బిళ్లనే ఉదాహరణగా పెట్టుకుందాం. రెండు ముఖాలకూ వెండి పేస్టు పూసి కాల్చిన ఎలక్ట్రోడులు ఉండాలి. ఈ కాల్చడం పోలింగ్‌కు ముందే అయిపోవాలి, ఎందుకంటే ఆ వేడి క్యూరీ ఉష్ణోగ్రతను ఎప్పుడో దాటేస్తుంది. ఎలక్ట్రోడు 9 మిల్లీమీటర్ల వరకే ఉండి, చుట్టూ అర మిల్లీమీటరు ఖాళీ అంచు వదలాలి. అంచుదాకా పూసిన బిళ్లను నేను పోలింగ్‌కు తీసుకోను. పక్క గోడ మీదుగా నిప్పురవ్వ దూకేది అక్కడే.

మిగతావి: సిలికోన్ నూనె, అది పట్టే గాజు పాత్ర, హాట్ ప్లేట్, నూనెలో ముంచే థర్మామీటరు, 3,000 వోల్టుల దాకా ఇచ్చే డీసీ సప్లై, దానికి వరసలో హై వోల్టేజి తట్టుకునే 10 మెగా ఓమ్‌ల రెసిస్టర్, కరెంటు చూసేందుకు మైక్రో అమ్మీటర్. సిలికోన్ నూనె తప్ప మరొకటి వద్దు. గాల్లో చేద్దామనే ఆలోచన అసలే వద్దు. మనకు కావాల్సింది మిల్లీమీటరుకు 2,500 వోల్టులు, గాలి దాదాపు 3,000 దగ్గరే తెగిపోతుంది. మధ్యలో మిగిలే ఆ కాస్త తేడా మీద ఎవరూ పందెం కాయకూడదు.

రెసిస్టర్ ఎందుకని అడిగేవాళ్లుంటారు. బిళ్ల చిట్లి షార్ట్ అయినా 2,500 వోల్టుల దగ్గర కరెంటు 250 మైక్రో ఆంపియర్లు దాటకుండా అదే ఆపుతుంది. అయినా సరే, సప్లై ఆన్‌లో ఉన్నంతసేపూ పాత్ర మీద మూత ఉండాలి, ఆ పక్కన మీరు ఒక్కరే ఉండకూడదు. బిళ్లను ఇసుక కాగితంతో రుద్దాల్సి వస్తే తడిపి రుద్దండి, ఆ దుమ్ములో సీసం ఉంటుంది.

బిగించడం, వేడి చేయడం

బిళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టండి. స్ప్రింగు ఉన్న రెండు లోహపు కాంటాక్టుల మధ్య మెల్లగా పట్టించి నూనెలో పూర్తిగా ముంచండి. బుడగలు అంటుకుని ఉంటే కదిపి పోగొట్టండి. ప్లస్ ఏ వైపుకు ఇస్తున్నారో ఆ ముఖాన ఎర్ర చుక్క పెట్టండి. నూనెను 120 డిగ్రీలకు తెచ్చి, బిళ్ల కూడా ఆ వేడికి వచ్చేదాకా పది నిమిషాలు ఆగండి. ఇంతవరకు ఎవరైనా చేయగలరు.

వోల్టేజి ఇవ్వడం, వేడి దించడం

పని పాడయ్యేది ఇక్కడే, అందుకే నెమ్మదిగా చదవండి.

డొమైన్లు తిరగడంలో రెండు రకాలున్నాయి. పూర్తిగా వెనక్కి, అంటే 180 డిగ్రీలు తిరిగే డొమైను ఆకారం మార్చుకోనక్కర్లేదు, దిక్కు మారితే చాలు. 90 డిగ్రీలు తిరిగే డొమైను సంగతి వేరు. అది అడ్డంగా సాగి ఉన్నది నిలువుగా సాగాలి, కాబట్టి పక్కనున్న రేణువును నెట్టుకుంటూ తిరగాలి. వేడి చేయడమెందుకంటే ఈ రెండో రకం కోసమే. వేడిగా ఉన్నప్పుడు స్ఫటికం సాగిన మోతాదు తగ్గుతుంది, డొమైన్ల మధ్య గోడలు సులువుగా కదులుతాయి. గది ఉష్ణోగ్రతలో అంతే క్షేత్రం ఇచ్చినా ఈ డొమైన్లలో చాలా భాగం కదలవు. అందుకే చల్లగా పోల్ చేసిన బిళ్ల ఏదో పనిచేస్తున్నట్టే ఉంటుంది గానీ బలహీనంగా మిగిలిపోతుంది.

వోల్టేజిని ఒక్కసారిగా 2,500కు తీసుకెళ్లకండి. 250 వోల్టుల మెట్లలో పెంచుతూ ప్రతి మెట్టు దగ్గర అర నిమిషం ఆగండి. డొమైన్లు తిరిగేకొద్దీ బిళ్ల మందం పెరుగుతుంది, వ్యాసం తగ్గుతుంది. ఇదంతా ఒక్క క్షణంలో జరిగితే బిళ్ల పగులుతుంది. మీటరు ముల్లు మీదే కన్నుంచండి. మొదటి మెట్లలో పెద్దగా ఏమీ కనిపించదు. 1,000 వోల్టులకు అటూ ఇటూగా వచ్చేసరికి మెట్టు ఎక్కించగానే ముల్లు లేచి, మళ్లీ మెల్లగా కిందికి జారుతుంది. అదే డొమైన్లు తిరుగుతున్న గుర్తు. ఈ సైజు బిళ్లలో తిరగడానికి పట్టే మొత్తం ఆవేశం సుమారు 20 మైక్రోకూలంబులు. అందుకే ముల్లు కాసేపే లేస్తుంది. 2,500 దగ్గర నిలబెట్టాక కరెంటు ఒకటి రెండు మైక్రో ఆంపియర్లకు దిగి అక్కడే ఉండాలి.

లేచిన ముల్లు దిగకుండా నిమిష నిమిషానికీ పైకి పాకుతోందంటే అది డొమైన్ల పని కాదు. బిళ్లలోంచి కరెంటు లీకవుతోంది. లీకేజీ వల్ల బిళ్ల వేడెక్కుతుంది, వేడెక్కితే లీకేజీ ఇంకా పెరుగుతుంది. చివరికి సూదిమొన అంత నల్లటి రంధ్రం పడి బిళ్ల చచ్చిపోతుంది. ముల్లు పాకడం చూసిన వెంటనే వోల్టేజి తగ్గించండి, నూనెను 100 డిగ్రీలకు దించండి, ఆ తర్వాతే మళ్లీ ప్రయత్నించండి. క్షేత్రం ఎంత ఎక్కువైతే పోలింగ్ అంత బాగుంటుందని మిల్లీమీటరుకు 4,000 దాకా తోసేవాళ్లున్నారు. డొమైన్లు తిరగడం అప్పటికే దాదాపు అయిపోయి ఉంటుంది. ఆ పైన ఇచ్చేదంతా రంధ్రం పడే అవకాశాన్ని పెంచడానికే.

అక్కడ అరగంట ఉంచండి. పది నిమిషాలు చాలని కొందరంటారు, వాళ్ల బిళ్లలు వాళ్లిష్టం.

ఇప్పుడు అసలైన చోటు. అరగంట అయ్యాక హాట్ ప్లేట్ మాత్రమే కట్టేయండి. వోల్టేజి మీట ముట్టుకోకండి. నూనె 40 డిగ్రీలకు దిగేదాకా 2,500 వోల్టులు అలాగే ఉండాలి. నూనె నిదానంగా చల్లారుతుంది కాబట్టి ఇక్కడ ఓపిక చచ్చిపోతుంది, జనం మీట కట్టేసేది అప్పుడే. 120 డిగ్రీల దగ్గర డొమైను గోడలు సులువుగా కదులుతాయని ఇందాకే చెప్పాను కదా. ఏ వేడి వాటిని తిప్పడానికి సాయపడిందో అదే వేడి వెనక్కి తిరగడానికీ సాయపడుతుంది. క్షేత్రం తీసేయగానే, బలవంతంగా 90 డిగ్రీలు తిరిగినవి పక్క రేణువుల ఒత్తిడికి పాత దిక్కుకు పోతాయి. చల్లారిన తర్వాత గోడలు కదలడం కష్టమవుతుంది, అందుకే అప్పుడు తీసేస్తే చాలావరకు నిలబడతాయి. తొందరగా చల్లారాలని పాత్రను చన్నీళ్లలో పెట్టడం కూడా వద్దు, గాజు పగిలితే హై వోల్టేజి, నూనె, నీళ్లు ఒకేచోట కలుస్తాయి.

ఇంత అవస్థ ఎందుకు, క్యూరీ ఉష్ణోగ్రత దాటించి క్షేత్రంలోనే చల్లార్చొచ్చు కదా అనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. బేరియం టైటనేట్ అయితే చేయొచ్చు, దాని క్యూరీ ఉష్ణోగ్రత 120 దగ్గరే ఉంటుంది. 5ఎ రకాన్ని 350 దాటిస్తే నూనె అంటుకునే స్థితికి వస్తుంది, బిళ్లలో లీకేజీ కూడా హద్దు మీరుతుంది.

40 డిగ్రీలకు వచ్చాక వోల్టేజిని సున్నాకు దించి, రెసిస్టర్ గుండా రెండు ముఖాలనూ కలిపి డిస్చార్జి చేయండి. తర్వాత అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి పెట్టండి. ఉష్ణోగ్రత మారినప్పుడల్లా పోల్ అయిన బిళ్ల మీద ఆవేశం పుడుతూనే ఉంటుంది.

నిలబడిందో లేదో చూడటం

వెంటనే కొలిచి సంబరపడకండి. మొదటి రోజు కొన్ని డొమైన్లు సర్దుకుని విలువ తగ్గుతుంది, కాబట్టి 24 గంటల తర్వాత వచ్చిన అంకెనే నమ్మండి. నొక్కిన బలానికి ఎంత ఆవేశం పుడుతుందో కొలిచే డీ33 మీటరు ఉంటే ఈ రకానికి న్యూటనుకు 375 పికోకూలంబులకు దగ్గరగా చూపాలి. 250 చూపితే మీట ముందే కట్టేశారు, లేదా నూనె చాలినంత వేడెక్కలేదు.

మీటరు లేకపోతే సిగ్నల్ జనరేటర్, ఆసిలోస్కోప్‌తో ఫ్రీక్వెన్సీని 150 నుంచి 250 కిలోహెర్ట్జ్ దాకా జరుపుతూ చూడండి. పోల్ అయిన బిళ్ల 200 దగ్గర అడ్డంగా కంపించి ఇంపిడెన్స్ ఒక్కసారిగా పడిపోతుంది. పోల్ కాని బిళ్లలో ఆ గుంట అసలు కనిపించదు. విలువను అంకెలో చెప్పలేకపోయినా ఉందా లేదా అన్నది ఈ పరీక్షలో కచ్చితంగా తేలిపోతుంది.

సెన్సరుగా దీన్నుంచి ఎంత ఆశించాలో కూడా లెక్క వేసుకోవచ్చు. 10 న్యూటన్ల బలంతో నొక్కితే 3,750 పికోకూలంబుల ఆవేశం వస్తుంది. బిళ్ల కెపాసిటెన్సు దాదాపు 1 నానోఫారడ్, కాబట్టి సుమారు 3.7 వోల్టులు. ఎర్ర చుక్క వైపు ప్లస్ వస్తుంది. అదే బలం అలాగే ఉంచితే ఆవేశం మీటరు గుండా కారిపోయి అంకె సున్నాకు జారుతుంది. దాన్ని లోపమనుకోకండి, ఈ పదార్థం స్థిరమైన బరువును కొలవదు.

వైర్లు అతికేటప్పుడు వెండి కలిసిన సోల్డర్ వాడి, ఒకటి రెండు సెకన్లలో ఐరన్ తీసేయండి. క్యూరీ ఉష్ణోగ్రత 350 కదా అని ధైర్యపడొద్దు, ఐరన్ మొన కూడా అంతే వేడి ఉంటుంది. ఎక్కువసేపు ఆనిస్తే ఆ చోట పోలింగ్ పోతుంది. పని చేసే చోట ఉష్ణోగ్రత క్యూరీలో సగం, అంటే 175 దాటకుండా చూసుకోండి.

యాక్చుయేటరుగా వాడితే ఎర్ర చుక్క వైపు ప్లస్ 500 వోల్టులు ఇచ్చినప్పుడు బిళ్ల మందం 0.19 మైక్రోమీటర్లు పెరుగుతుంది. తిప్పి ఇచ్చే వోల్టేజి మాత్రం ఈ బిళ్లకు 300 దాటకూడదు. దాటిన కొద్దీ మీరు అరగంట కష్టపడి తిప్పిన డొమైన్లను మీ డ్రైవరే వెనక్కి తిప్పడం మొదలుపెడుతుంది.