అందమైన ఫుల్ ఫామ్‌ని నమ్మకండి

కంపెనీ పేరుకు ఎవరైనా ఫుల్ ఫామ్ చెబితే, అది మరీ నినాదంలా ఉందేమో చూడండి. ఉంటే అనుమానించాల్సిందే. అడిడాస్ అంటే ‘ఆల్ డే ఐ డ్రీమ్ అబౌట్ స్పోర్ట్స్’ అని చాలామంది చెబుతారు. అది తర్వాత అల్లిన మాట. 1949లో జర్మనీలో ఆ కంపెనీ పెట్టిన అడాల్ఫ్ డాస్లర్ ముద్దుపేరు ‘అడి’. దానికి ఇంటిపేరులోని ‘డాస్’ కలిపాడు. విడిపోయిన అన్న రుడాల్ఫ్ కూడా అచ్చం అలాగే మొదట ‘రుడా’ అని పెట్టుకుని, తర్వాత ప్యూమాగా మార్చాడు.

నిజంగా పొడి అక్షరాలతో పుట్టిన పేర్లు విప్పితే చప్పగా ఉంటాయి. ఎంఆర్ఎఫ్ అంటే మద్రాస్ రబ్బర్ ఫ్యాక్టరీ. ఊరు, సరుకు, ఫ్యాక్టరీ, అంతే! మన జీఎంఆర్‌లో మాత్రం సరుకు వెతక్కండి. అది గ్రంధి మల్లికార్జునరావు, ఇంటిపేరుతో సహా.