ఉద్యోగం పోయినప్పుడు లోన్ రీస్ట్రక్చరింగ్ కోసం దరఖాస్తు ఎలా రాయాలి?

ఉద్యోగం పోయిందని తెలియగానే, ఇంకా ఒక్క ఈఎంఐ కూడా తప్పకముందే, అప్పు కట్టే షరతులు మార్చమని అప్పిచ్చిన సంస్థకు లేఖ ఇవ్వాలి. వాయిదాలు తప్పాక అదే లేఖ ఇస్తే, ఫైల్ వసూళ్ల విభాగానికి వెళ్లిపోయి ఉండొచ్చు. అక్కడ మాట్లాడే తీరే వేరు.

చాలా లేఖలు 'దయచేసి సాయం చేయండి' దగ్గరే ఆగిపోతాయి. అప్పిచ్చిన సంస్థ అధికారికి ఆ మాటతో పని జరగదు. నెలకు ఎంత కట్టగలరు, ఎన్ని నెలలు, ఆ తర్వాత ఏంటి అన్నదే ఆయనకు కావాలి. అందుకే ముందు లెక్క వేసుకుని, తర్వాత లేఖ మొదలుపెట్టండి.

ఉదాహరణకు అసలు 8 లక్షలు మిగిలి ఉంది, వడ్డీ ఏడాదికి 9 శాతం, ఇంకా 60 వాయిదాలు ఉన్నాయి అనుకుందాం. ఈఎంఐ సుమారు 16,607. ఇంట్లో ఇంకొకరి జీతం 24,000, తప్పని ఖర్చులు 17,000. మిగిలేది 7,000. ఈఎంఐకి చాలదు గానీ నెల వడ్డీ 6,000కి సరిపోతుంది. కాబట్టి అడగాల్సింది ఆరు నెలలు వడ్డీ మాత్రమే కట్టే అవకాశం, అసలు చెల్లింపు ఆ తర్వాత. అప్పు పెరగదు, గడువు ఆరు నెలలు జరుగుతుంది, అదనపు భారం 36,000.

ఏమీ కట్టకుండా ఆరు నెలల మారటోరియం తీసుకుంటే అప్పటికి హాయిగానే ఉంటుంది. కానీ కట్టని వడ్డీని అసలులో కలిపితే అప్పు సుమారు 8,36,700 అవుతుంది. పాత ఈఎంఐతోనే కడితే 60కి బదులు దాదాపు 64 వాయిదాలు పడతాయి. చేతిలో నిజంగా ఏమీ లేనప్పుడే అది అడగడం మంచిది.

లేఖలో అసలు భాగం ఇలా ఉండొచ్చు:

"నా ఉద్యోగం ఫలానా తేదీతో ముగిసింది. ఇప్పటివరకు వాయిదాలన్నీ సకాలంలో చెల్లించాను. వచ్చే ఆరు నెలలు నెలవారీ వడ్డీ మాత్రమే చెల్లించేందుకు, ఆ మేరకు రుణ గడువు పొడిగించేందుకు అనుమతి కోరుతున్నాను. ఈలోగా ఉద్యోగం దొరికితే వెంటనే తెలియజేసి, పూర్తి వాయిదా మొదలుపెడతాను."

పైన లోన్ ఖాతా నంబర్ రాయండి. ఉద్యోగం ముగిసినట్టు కంపెనీ ఇచ్చిన లేఖ, చివరి జీతం స్లిప్పులు, ఇటీవలి బ్యాంక్ స్టేట్‌మెంట్, ఇంటి ఆదాయ వ్యయాల కాగితం జతచేయండి. సహ రుణగ్రహీత గానీ హామీదారు గానీ ఉంటే, మారిన షరతులకు వాళ్ల సంతకం కూడా అడిగే అవకాశం ఉంది. ముందే చెప్పి ఉంచండి.

లేఖ ఇచ్చినట్టు తేదీతో రసీదు తీసుకోండి. దరఖాస్తు ఇచ్చినంత మాత్రాన ఆటో డెబిట్ ఆగదు. ఖాతాలో డబ్బు లేక అది బౌన్స్ అయితే జరిమానా, క్రెడిట్ రిపోర్ట్‌లో మచ్చ రెండూ పడొచ్చు. 'చూస్తాంలెండి' అని ఫోన్‌లో చెప్పిన మాటను అనుమతి అనుకోకండి.

అనుమతి పత్రం వచ్చాక సంతకానికి ముందు మూడు విషయాలు చూడండి: వడ్డీ రేటు మారిందా, కట్టని వడ్డీ ఏమైనా ఉంటే అసలులో కలుపుతున్నారా, క్రెడిట్ రిపోర్ట్‌లో ఈ రుణాన్ని 'రీస్ట్రక్చర్డ్' అని చూపిస్తారా. చివరిది కొత్త లోన్ అడిగినప్పుడు అడ్డు రావచ్చు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడిగి, దాని నకలుతో ఆ సంస్థలోనే ఫిర్యాదుల అధికారికి పంపండి.