లెక్కల క్లాసులో పిల్లలు గ్రూపులుగా బల్ల నుంచి బల్లకు తిరుగుతూ పని చేసేలా స్టేషన్లు పెట్టినా కొందరు ఖాళీగా, కొందరు అయోమయంగా ఉంటున్నారా?

సమస్య: మూడు స్టేషన్లు, పన్నెండేసి నిమిషాలు. బాగా వచ్చిన పిల్లలు ఐదు నిమిషాల్లో ముగించి కబుర్లు మొదలుపెడతారు. వెనకబడ్డవాళ్లు మీ బల్ల దగ్గరికి ఒకటే రావడం. మీరు ఎవరికీ పూర్తిగా చెప్పలేకపోతారు.

ముందు చూడాల్సింది, అందరూ వదిలేసేది: మొదటి రెండు నిమిషాలు మీరు కూర్చోకండి. గది చుట్టూ తిరిగి ప్రతి గ్రూపూ పని మొదలుపెట్టిందో లేదో చూడండి, ఆ తర్వాతే మీ బల్ల. సగం గొడవలు ఇక్కడే తీరిపోతాయి.

అప్పటికీ తీరకపోతే వెనకబడ్డవాళ్ల నోట్‌బుక్ తెరవండి. ఖాళీగా ఉంటే పని ఏమిటో అర్థం కాలేదు, సూచన చిన్నది చేసి ఒక లెక్క చేసి చూపించండి, అయిపోతుంది. కానీ పేజీ నిండా రాసి ఉండి, అన్నింట్లో ఒకే తప్పు ఉంటే అసలు కారణం వేరే: తిరిగే వరుస.

నేను చాలాకాలం దీన్ని పట్టుకోలేకపోయాను, లెక్కలు కష్టమయ్యాయేమోనని వాటిని తేలిక చేస్తూ పోయాను. ఆ రోజు పాఠం హారాలు వేరుగా ఉన్న భిన్నాల కూడిక. వెనకబడ్డ గ్రూపు మొదట అభ్యాసం బల్ల దగ్గర కూర్చుంది, నా దగ్గరికి రావడం ఆఖర్న. వచ్చేసరికి ఒకమ్మాయి 1/2 + 1/3 = 2/5 అంటూ అదే పద్ధతిలో తొమ్మిది లెక్కలు చేసేసింది, అదీ ఎంతో నీటుగా! నా పన్నెండు నిమిషాలూ ఆ తప్పును చెరపడానికే సరిపోయాయి.

పరిష్కారం: అందరూ నా బల్ల, అభ్యాసం, కాగితం పట్టీలు అనే వరుసలోనే తిరుగుతారు, ఎవరు ఎక్కడ మొదలుపెట్టాలన్నదే మారుతుంది. వెనకబడ్డవాళ్లు నా దగ్గర మొదలుపెడతారు, నేర్చుకున్నది వెంటనే అభ్యాసంలో చేస్తారు. మధ్యవాళ్లు పట్టీలతో నిన్నటి సమాన భిన్నాలు జతపరిచి, ఆ తర్వాత నా దగ్గరికి వస్తారు. ముందున్నవాళ్లు అభ్యాసం బల్ల దగ్గరే మొదలుపెడతారు, కానీ వాళ్ల కార్డు వేరు: హారాలు వేరుగా ఉన్న రెండు భిన్నాలు కూడితే 5/6 రావాలి, ఎన్ని జతలు దొరుకుతాయి? 3/4 + 1/12, 7/12 + 1/4... ఇది ఐదు నిమిషాల్లో అయ్యేది కాదు. ఆఖర్న నా దగ్గరికొస్తే ఒకటే అడుగుతాను: రెండు లవాలూ 1 అయితే 1/2, 1/3 తప్ప ఇంకో జత ఎందుకు లేదు? పెద్ద భిన్నం 1/2 కాకపోతే మొత్తం 5/6 కి చేరదని కనిపెట్టడానికి వాళ్లకు సమయం పడుతుంది. ముందున్నవాళ్లకు ఇంకో ఇరవై లెక్కలు ఇవ్వడం మాత్రం చేయకండి, అది త్వరగా చేసినందుకు శిక్షలా ఉంటుంది.

టైమర్ శబ్దం, బల్లల అమరిక వల్ల కూడా చెడొచ్చు, అరుదు. వరుస సరిచూశాకే వాటి జోలికి వెళ్లండి. ఇంకొకటి, గ్రూపులు నెలల తరబడి అవే ఉంచకండి: భిన్నాల్లో ముందున్న పిల్లాడు కోణాల్లో వెనకబడొచ్చు.